పటాన్‌చెరులో పదిహేను రూపాయల టీ, బీదర్‌లో ఖాళీ రసీదు

బీదర్‌లో లాడ్జి వాడు మమ్మల్ని ముంచాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను. అయితే ఆ లాడ్జి గొడవ కూడా మేం చూడ్డానికి వెళ్లిన విషయానికే ఎలా ముడిపడిందో చెప్పాలంటే, హైదరాబాదు నుంచే మొదలుపెట్టాలి.

వెళ్లింది నలుగురం: నేను, మా ఆవిడ, ఇంటర్ చదివే మా అబ్బాయి, మా మామయ్య. అసలు ఈ యాత్ర మామయ్యదే. ముప్పై ఏళ్లు తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. ‘గోల్కొండ నవాబులు తెలుగు కవుల్ని పోషించారని పిల్లలకి చెబుతూ వచ్చాను గానీ ఆ చోట్లు ఒక్కటీ చూడలేదు బాబూ’ అన్నారు సంక్రాంతికి. మాది విజయవాడ. హైదరాబాదు దాకా రైలు, అక్కణ్నుంచి రెండు రోజులకు కారు. డీజిలు, డ్రైవర్ బత్తా కలిపి ఏడు వేల ఐదొందలు. డ్రైవరు మంచివాడు, మాట తక్కువ.

మొదట కుతుబ్‌షాహీ సమాధులు. మరమ్మతులయ్యాక తోట చాలా బాగుంది. పొద్దున్నే వెళ్లండి, పదకొండు దాటితే రాయి కాలుతుంది. పాడైందల్లా గైడు దగ్గర. గంటకు ఆరొందలు అన్నాడు, సరే అన్నాం. ఆ గంటలో ముప్పావు వంతు భాగమతి కథకే పోయింది. చరిత్రకారులే ఇంకా తేల్చుకోని ఆ ప్రేమకథని, తను పక్కనే ఉండి చూసినట్టు చెప్పాడు. మామయ్య ఓపిక పట్టి ‘ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి ఏది నాయనా’ అని అడిగితే, ‘అందులో కథేం లేదు సార్’ అని చెయ్యి ఊపాడు.

కథ ఉన్నది అందులోనే. 1543లో అన్న జంషీద్ గద్దెనెక్కడంతో ప్రాణభయం పట్టి ఈ ఇబ్రహీం విజయనగరం పారిపోయాడు. అక్కడ అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు ఉన్నాడు. తెలుగు కవిత్వం నిండు కొలువులో ఎలా నడుస్తుందో, కవికి ఏమిస్తారో, అంకితం పుచ్చుకుంటే రాజుకు ఏం దక్కుతుందో అక్కడే చూశాడు. 1550లో తిరిగొచ్చి సుల్తానయ్యాక ఆ అలవాటును గోల్కొండలోనూ వదల్లేదు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ‘మలిక్ ఇబ్రహీం’ మన కవుల నోట్లో నలిగి ‘మల్కిభరాముడు’ అయ్యాడు. చివర ఆ ‘రాముడు’ ఎలా వచ్చి కూర్చున్నాడో చూడండి. 1565లో అదే రామరాయల మీదికి మిగతా సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్లింది కూడా ఈయనే. కథ లేదట!

పైగా ఆ గైడు చివర్లో ఒక గోరీ చూపించి ‘ఇది తానీషాది’ అన్నాడు. చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా ఇక్కడ లేడు. ఔరంగజేబు బందీగా దౌలతాబాదు కోటలో పోయాడు, ఖుల్దాబాదులో పూడ్చారు. కాబట్టి గైడును మాట్లాడుకునే ముందు ‘తానీషా సమాధి చూపిస్తావా’ అని అడగండి. ‘చూపిస్తా’ అంటే ఆ ఆరొందలు జేబులోనే ఉంచుకోండి. మామయ్య మాత్రం ఇబ్రహీం సమాధి దగ్గర పది నిమిషాలు ఒక్కరే నిలబడ్డారు. గోడల మీద అక్కడక్కడ రంగు పలకల ముక్కలు మిగిలున్నాయి. మా అబ్బాయి అప్పటికే కారు ఏసీలో ఉన్నాడు.

పటాన్‌చెరు బీదర్ దారిలోనే ఉంది. ఫ్యాక్టరీలు, లారీలు, దుమ్ము. అక్కడ ఆగుదామంటే మా ఆవిడ ‘ఇక్కడేముంది’ అంది. అమీన్‌ఖాన్ ఉన్నాడు. ఇబ్రహీం కొలువులో అమీరు, అప్పుడు పొట్లచెరువు అనే ఈ ఊళ్లోనే ఉండేవాడు. పొన్నిగంటి తెలగనార్యుడు తన యయాతి చరిత్రాన్ని ఇతనికే అంకితమిచ్చాడు. మొట్టమొదటి అచ్చతెలుగు కావ్యం అదే. సుల్తాను తెలుగు కావ్యం పుచ్చుకుంటే అది రాజనీతి అనుకోవచ్చు. ఆయన కింది అమీరు కూడా పుచ్చుకున్నాడంటే ఆ రుచి కొలువు దాటి కిందికి దిగిందన్నమాట. అదీ మామూలు కావ్యం కాదు, సంస్కృత పదాన్ని ఉన్నదున్నట్టుగా వాడకూడదని పట్టుబట్టి రాసినది.

అమీన్‌ఖాన్ గోరీ దగ్గర టికెట్టు లేదు, గైడు లేడు, మేం తప్ప మనిషి లేడు. గేటు పక్క టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన కూర్చున్నారు. టీ పదిహేను రూపాయలు, అల్లం బాగా దంచి వేశాడు, ఈ మొత్తం యాత్రలో బెస్టు టీ ఇదే. మామయ్య ఆయనతో మాట కలిపి, ‘అమీన్ అన్న పేరు మీ లిపిలో ఎలా ఉంటుంది’ అని అడిగారు. ఆయన మా రైలు టికెట్టు వెనక కుడి నుంచి ఎడమకి నెమ్మదిగా రాశారు: అలిఫ్, మీమ్, యే, నూన్. దాని కింద మామయ్య ఎడమ నుంచి కుడికి ‘అమీను’ అని తెలుగులో రాశారు. గోల్కొండ ఫర్మానాల్లోనూ ఇదే వరస, పైన పారశీకం, కింద తెలుగు. కొలువులో రాతకోతలు పారశీకంలో సాగేవి, ఊళ్లో కరణం లెక్క తెలుగులో ఉండేది. ఆ రెండూ ఒకే కాగితం మీద కలవకపోతే శిస్తు కదలదు. కవిత్వానికైతే దక్కనీ ఉర్దూ ఉండనే ఉంది. ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ అందులో పెద్ద దీవానే, అంటే కవితల సంపుటమే, రాశాడు.

కారెక్కాక మామయ్య ఒక ఆట పెట్టారు. యయాతి కథని అచ్చతెలుగులో చెప్పాలి. మనుషుల పేర్లకు మినహాయింపు. మిగతా చోట సంస్కృత పదం ఉన్నదున్నట్టు దొర్లితే మాటకి పది రూపాయలు. మా అబ్బాయి ఫోను పక్కన పెట్టింది ఈ రెండు రోజుల్లో అప్పుడే.

‘అనగనగా ఒక కథ...’ అన్నాడు. పది రూపాయలు. ‘కత’ అనాలిట, అది నలిగి తెలుగైన మాట, అంటే తద్భవం, చెల్లుతుంది. మా ఆవిడ అందుకుంది. ‘మామగారు శుక్రాచార్యుడికి కోపం వచ్చి శాపం పెట్టాడు’ అంటే ఇరవై. కోపం కాదు కినుక, శాపం కాదు తిట్టు. నేను ‘యౌవనంలోనే వార్ధక్యం’ అని మరో ఇరవై వదిలించుకున్నాను. జవ్వనంలోనే ముదిమి అనాలి. చివరికి మామయ్యే చెప్పారు: ‘శుక్రుడు కినిసి తిట్టాడు. ఏలికకు జవ్వనం పోయి ముదిమి వచ్చింది. కొడుకుల్ని అడిగాడు. కడగొట్టువాడు పూరుడు తన జవ్వనం ఇచ్చి తండ్రి ముదిమి తీసుకున్నాడు. వెయ్యేళ్లకి గానీ తండ్రికి వలపుల ఆకలి తీరదని తెలియలేదు.’ వింటుంటే కథ మన వీధిలో జరిగినట్టుంది. తిట్టుకీ శాపానికీ ఎంత దూరమో అప్పుడు తెలిసింది. శాపం మునిది, తిట్టు మామగారిది.

ఇంతలో మా అబ్బాయి ‘తాతయ్యా, ఖాళీ, ఖర్చు, జవాబు... ఇవి సంస్కృతం కాదుగా, చెల్లుతాయా’ అన్నాడు. చెల్లవు, అవి అన్యదేశ్యాలు, అరబ్బీ పారశీకాల నుంచి వచ్చినవి. అంటే అమీన్‌ఖాన్ కచేరీలో పొద్దస్తమానం నలిగే మాటలు ఆయన కోసం రాసిన కావ్యంలోకి రాకూడదు! జహీరాబాదు చేరేసరికి డబ్బాలో నూట నలభై రూపాయలు, అందులో డెబ్భై మా వాడివే.

బీదర్‌లో మధ్యాహ్నం జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చిమిరప చట్నీ, తొంభై రూపాయలు. వంక పెట్టడానికి లేదు. తర్వాత మహమూద్ గవాన్ మదరసా. బహమనీల వజీరు, ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చినవాడు, 1472లో కట్టించాడు. మూడంతస్తులు, మధ్యలో పెద్ద ముంగిలి. రెండు మినార్లలో ఒకటే మిగిలింది. దాని మీద నీలం, తెలుపు పలకల ముక్కలు ఎండలో మెరుస్తుంటే మా ఆవిడ మొదటిసారి ఫొటో తీయమంది. ఇందులో మూడు వేల పుస్తకాల గ్రంథాలయం ఉండేదట. ఔరంగజేబు కాలంలో ఇక్కడ మందుగుండు నిలవ చేస్తే, అది పేలి ఓ పక్క మొత్తం కూలింది. ముందు వైపు నుంచి చూసి వెళ్లిపోకండి, లోపల గదుల్లోకి వెళ్లండి. గాలీ వెలుతురూ ఎలా ఆడతాయో అక్కడే తెలుస్తుంది.

గవాన్ ఉత్తరాలు రాయడంలో దిట్ట. ఉత్తరం ఎలా రాయాలో పుస్తకమే రాశాడు. చివరికి ఉత్తరమే ఆయన్ని చంపింది. శత్రువులు ఆయన ముద్ర ఉండే మనిషిని లంచంతో లొంగదీసి, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. ఒరిస్సా రాజును దండెత్తి రమ్మంటున్నట్టు ఆ కాగితం మీద రాసి సుల్తానుకు చూపించారు. ముద్ర నాదే, రాత నాది కాదు అన్నాడు గవాన్. సుల్తాను వినలేదు. డెబ్భై ఏళ్ల మనిషిని 1481లో చంపించాడు. ఎక్కడనుకున్నారు? దండయాత్రలో సుల్తాను విడిది చేసిన కొండపల్లిలో. మా ఇంటికి గంట దారి. బొమ్మలు కొనడానికి ఎన్నిసార్లు వెళ్లామో!

ఇక లాడ్జి. ఫోనులో గదికి పద్దెనిమిది వందలు అన్నారు. రెండు గదులు తీసుకున్నాం. రాత్రి వేడినీళ్లు రాలేదు, దుప్పటి మీద ఎవరిదో జుట్టు. పొద్దున లెక్క చూస్తే గదికి రెండు వేల ఆరొందలు, పరుపుకి మూడొందలు. ‘ఫోనులో చెప్పింది ఆఫ్ సీజన్ రేటు’ అన్నాడు కౌంటర్లో కుర్రాడు. వాడితో ముప్పావు గంట దెబ్బలాడాను: కిరాయి ఎంత, బాకీ ఎంత, రసీదు ఇస్తావా ఇవ్వవా. ఆ మాటలన్నీ అన్యదేశ్యాలేనని మా వాడు వెనక నుంచి లెక్కపెడుతున్నాడు. చివరికి వాడు పరుపు డబ్బులు వదిలేసి, ఐదు వేల రెండొందలు తీసుకుని, లాడ్జి ముద్ర కొట్టిన ఖాళీ రసీదు ఇచ్చాడు. ‘అమౌంటు మీరే రాసుకోండి సార్, ఆఫీసులో ఎంత కావాలంటే అంత.’

మామయ్య ఆ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ‘బాబూ, ఈ ఊళ్లోనా?’ అన్నారు. కుర్రాడికి అర్థం కాలేదు. ఆయన పెన్ను తీసి, వాడి ముందే ‘అక్షరాలా ఐదు వేల రెండు వందలు మాత్రమే’ అని తెలుగులో రాసి, కింద వాడి చేత కన్నడంలో సంతకం పెట్టించారు.