20 రూపాయల చిక్కీకి కథ కావాలా, నాలుగు మాటలు చాలా?

అనంతపురం బస్టాండు పక్కన కొట్లో 20 రూపాయల చెనిక్కాయల చిక్కీ అమ్మాలనుకోండి. గల్లాపెట్టె పక్కన పెట్టే అట్ట మీద ఏం రాయాలి?

పొడుగు కథయితే అవ్వ బెల్లంపాకం పట్టే తీరు, వానకు ఎదురుచూసిన చేను అన్నీ చెప్పొచ్చు. చదవడానికి బాగుంటుంది. కానీ బస్సు కదిలేలోపు కొనేవాళ్లకు 20 రూపాయలు పోతాయన్న భయం ఉండదు, నమ్మించాల్సిన పనే తక్కువ. పొడుగ్గా చెప్పేకొద్దీ జేబులోకి పోయే చెయ్యి ఆగిపోయి ఆలోచన మొదలవుతుంది.

పొట్టిగా అయితే: "చెనిక్కాయల చిక్కీ. బెల్లంతోనే, చక్కెర లేదు. ఈ పొద్దు చేసింది. 20 రూపాయలు." ధర అన్నిటికన్నా పెద్దగా ఉండాలి. అట్ట చూశాక కూడా "ఎంతన్నా?" అని అడుగుతున్నారంటే రాత కుదరలేదన్నమాట. "ఈ పొద్దు చేసింది" అన్న మాట మాత్రం నిజమైన రోజే పెట్టండి. మెత్తబడిన చిక్కీ ఒక్కసారి తిన్నవాళ్లు మళ్లీ రారు.

నేనైతే అట్ట మీద పొట్టిదే రాస్తాను. అవ్వ కథ పొట్లం వెనక వేస్తాను, బస్సులో తింటూ తీరిగ్గా చదువుకుంటారు. అదే చిక్కీని 400 రూపాయల కానుక పెట్టెగా అమ్మితే కథే ముందుండాలి. అది ఇంట్లో మాట్లాడుకుని కొనే వస్తువు.