ఎస్సిటాలోప్రామ్ పడలేదు: జన్యు పరీక్ష చేయించాలా, గ్యాస్ మాత్ర మార్చాలా? ఏది మేలు?

కుంగుబాటుకు మందు మొదలుపెట్టాక ఇబ్బంది వస్తే జన్యు పరీక్ష చేయిద్దామని ఇప్పుడు కుటుంబాలే అడుగుతున్నాయి. మానసిక వైద్యుని ముందు అప్పుడు మూడు దారులుంటాయి. మొదటిది పది, ఇరవై జన్యువులను ఒకేసారి చూసి మందులన్నిటినీ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు వరుసల్లో పెట్టే పెద్ద ప్యానెల్ పరీక్ష. రెండవది ఇబ్బంది పెట్టిన మందుకు సంబంధించిన ఒక్క జన్యువును మాత్రమే చూడటం. మూడవది ఏ పరీక్షా లేకుండా మోతాదును, రోగి వాడే ఇతర మందులను సరిదిద్దడం. వీటిని విడిగా తూచడం కంటే ఒక రోగి విషయంలో పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది.

కందుకూరు ప్రాంతం నుంచి వచ్చిన యాభై అయిదేళ్ల ఆమెను ఊహించుకుందాం. ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములతో మొదలై, రెండు వారాల తరువాత 20కి పెరిగింది. పది రోజుల్లో వికారం, చేతుల వణుకు, నిద్రలేమి మొదలయ్యాయి. ఈసీజీలో క్యూటీసీ, అంటే గుండె ప్రతి స్పందన తరువాత తిరిగి సిద్ధం కావడానికి పట్టే సమయం, 440 నుంచి 478 మిల్లీసెకన్లకు చేరింది; అది మరీ పెరిగితే గుండె లయ తప్పవచ్చు. ఈ వయసులో ఇదే మందు సోడియంను తగ్గించి ఇలాంటి లక్షణాలే కలిగించవచ్చు కనుక ముందుగా దానిని చూడాలి. ఆమెకు సోడియం మామూలుగానే ఉంది. అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటి మిగులుతుంది: ఇంకేం మాత్రలు వేసుకుంటున్నారు? ఊళ్లోని మెడికల్ షాపులో కొని, ఏడాదిగా రోజూ పరగడుపున ఒమెప్రజోల్ వేసుకుంటున్నానని ఆమె చెబుతుంది. గ్యాస్ మాత్రను చాలామంది మందుగానే లెక్కపెట్టరు, అడగనిదే చెప్పరు.

ఎస్సిటాలోప్రామ్‌ను కాలేయంలో ప్రధానంగా కరిగించేది సీవైపీ2సీ19 అనే ఎంజైమ్. ఒమెప్రజోల్ సరిగ్గా ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. రెండూ కలిపి వాడితే ఎస్సిటాలోప్రామ్ రక్తంలో సుమారు 50 శాతం పెరుగుతుంది. ఈ ఎంజైమ్ తయారీకి మూలమైన జన్యువు రెండు ప్రతులూ పనిచేయనివారిలో గ్యాస్ మాత్ర లేకుండానే అది దాదాపు రెట్టింపవుతుంది. దక్షిణాసియాలో ఇలాంటివారు ఇంచుమించు పది మందిలో ఒకరుంటారు, యూరప్ సంతతిలో నూటికి రెండు మూడు మందే. కనుక మన ప్రాంతంలో ఈ ఒక్క జన్యువును పట్టించుకోవడానికి గట్టి కారణమే ఉంది.

ఆమెకు ఆ ఒక్క జన్యువునే పరీక్షిస్తే స్టార్ 1, స్టార్ 2 అని వచ్చిందనుకుందాం. ఒక ప్రతి పనిచేస్తోంది, ఒకటి పనిచేయడం లేదు, అంటే మధ్యస్థ వేగం. ఔషధ జన్యుశాస్త్ర మార్గదర్శకాలు రాసే అంతర్జాతీయ బృందం సీపిక్ 2023లో ఇలాంటివారికి మామూలు మోతాదుతోనే మొదలుపెట్టి, నిదానంగా పెంచి, కొనసాగించే మోతాదు కొంత తక్కువగా ఉంచడం ఆలోచించమంది. మందు మానేయమని చెప్పలేదు. పరీక్ష చెప్పేది పుట్టుకతో వచ్చిన వేగం గురించే. ఒమెప్రజోల్ ఉన్నంతకాలం ఆమె ఎంజైమ్ పరీక్ష కాగితంలో ఉన్నదానికంటే నెమ్మదిగా నడుస్తుంది. ప్యానెల్ నివేదికలకు రోగి వాడే మందుల జాబితా అందకపోతే వాటి రంగులు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోలేవు.

అందువల్ల ఈమెకు మేలైనది మూడవ దారి అని నా అభిప్రాయం. ఒమెప్రజోల్ బదులు ఈ ఎంజైమ్‌ను తక్కువగా అడ్డుకునే పాంటోప్రజోల్ ఇచ్చి, ఎస్సిటాలోప్రామ్‌ను 10కి తగ్గించి, రెండు వారాల్లో ఈసీజీ మళ్లీ తీయాలి. దానితో లక్షణాలు పోయి, క్యూటీసీ దిగితే జన్యు పరీక్ష కొత్తగా మార్చేదేమీ ఉండదు. అన్నీ సరిచేసినా 10 మిల్లీగ్రాములకే అదే ఇబ్బంది మిగిలినా, ఇంతకు ముందు ఇదే కోవకు చెందిన సిటాలోప్రామ్ కూడా తక్కువ మోతాదులోనే పడకపోయినా అప్పుడు రెండవ దారికి విలువ వస్తుంది.

పెద్ద ప్యానెల్‌కు ఆధారం లేదనడం సరికాదు, కాని అది ప్రకటనల్లో వినిపించేదానికంటే చాలా చిన్నది. అమెరికాలో 1,944 మంది మాజీ సైనికులతో జరిగి 2022లో వెలువడిన ప్రైమ్ కేర్ పరిశోధనలో, పరీక్ష ఫలితం చూసి మందు ఎంచినవారిలో ఆరు నెలల కాలం మొత్తం మీద కోలుకోవడం కొద్దిగా మెరుగుపడింది. కాని ఇరవై నాలుగో వారం నాటికి పూర్తిగా కోలుకున్నవారు ఫలితం చూసి మందు ఎంచిన వర్గంలో ఇంచుమించు 17, చూడని వర్గంలో 16 శాతమే. పైగా ప్యానెళ్లలో కనిపించే సెరటోనిన్ రవాణా జన్యువు, సెరటోనిన్ గ్రాహక జన్యువుల ఆధారంగా మందు ఎంచడానికి ఇప్పుడున్న రుజువులు చాలవని అదే సీపిక్ మార్గదర్శకం చెబుతోంది. ఆకుపచ్చ వరుసలో ఉన్న మందు పనిచేస్తుందన్న హామీ ఏ నివేదికా ఇవ్వలేదు.

పరీక్ష ముందే చేయడం స్పష్టంగా మేలైన సందర్భం ఒకటుంది. మూర్ఛకు, మూడ్ మార్పులకు వాడే కార్బమజెపైన్ మొదలుపెట్టే ముందు హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యు రకం ఉందేమో చూడటం అది, ఎందుకంటే అక్కడ ముప్పు ప్రాణాంతకమైన చర్మవ్యాధి. ఆ మందునే ఏళ్లుగా ఇబ్బంది లేకుండా వాడుతున్నవారికి మాత్రం ఆ పరీక్ష అక్కరలేదు.

ఇక ఉత్తరం. పరీక్ష జరిగాక ఫలితాన్ని స్థానిక వైద్యునికి రాసే తీరులో కూడా రెండు దారులున్నాయి, ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ‘జన్యు పరీక్ష ప్రకారం ఈమెకు ఎస్సిటాలోప్రామ్ పడదు’ అని రాస్తే, అయిదేళ్ల తరువాత మరో ఆసుపత్రి చీటీలో అది ‘ఎస్సిటాలోప్రామ్ ఎలర్జీ’గా మారి, మంచి మందొకటి ఆమెకు శాశ్వతంగా దూరమవుతుంది. అంతకంటే ఇలా రాయడం మేలు:

‘సీవైపీ2సీ19 జన్యువును మాత్రమే పరీక్షించాము, ఫలితం స్టార్ 1, స్టార్ 2, మధ్యస్థ వేగం. ఎస్సిటాలోప్రామ్ 20 మిల్లీగ్రాములకు వణుకు, క్యూటీసీ 478 వచ్చిన సమయంలో ఆమె ఒమెప్రజోల్ కూడా వాడుతున్నారు. ఈ రెండూ కలిసి కారణమై ఉండవచ్చు. ఒమెప్రజోల్ మాన్పించి మోతాదు 10కి తగ్గించాము. క్యూటీసీ 446కి దిగింది. ఈ మందు ఆమెకు నిషిద్ధం కాదు, ఎలర్జీ కాదు. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్, ఫ్లూవోక్సమిన్ తిరిగి చేర్చవలసి వస్తే దయచేసి మోతాదు, ఈసీజీ చూడండి. ఏ మందు ఆమెకు పనిచేస్తుందో ఈ ఫలితం చెప్పదు. గుండెకు స్టెంట్ వేసి క్లోపిడోగ్రెల్ ఇవ్వవలసిన పరిస్థితి వస్తే ఈ ఫలితాన్ని గుండె వైద్యునికి చూపండి.’

ఈ చివరి వాక్యం మానసిక వైద్యుల ఉత్తరాల్లో తప్పిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ ఇదే ఎంజైమ్ వల్లనే పనిచేసే రూపంలోకి మారుతుంది కనుక, ఆమెకు అది తక్కువగా పనిచేయవచ్చు. ఫలితం మామూలుగా వచ్చినప్పుడు కూడా ‘జన్యు లోపం లేదు’ అని కాక, ‘పరీక్షించిన మార్పులు కనిపించలేదు’ అని రాయాలి, ఎందుకంటే ప్రయోగశాల వెతకని అరుదైన మార్పులు ఉండవచ్చు.

రోగి చేతికి ఇచ్చే తెలుగు చీటీలో ‘జన్యు లోపం’ అన్న మాట రానివ్వకూడదు. పెళ్లి కావలసిన పిల్లలున్న ఇంట్లో ఆ మాట ఎటు పోతుందో మనకు తెలుసు. ‘అమ్మా, ఈ మందు మీ ఒంట్లో కొంచెం నిదానంగా కరుగుతుంది, అందుకే తక్కువ మోతాదు ఇచ్చాము. ఇది జబ్బు కాదు. గ్యాస్‌కు ఏ మాత్ర కొన్నా ఈ కాగితం చూపించండి’ అంటే సరిపోతుంది.