టెస్టోస్టిరాన్ ప్యాకేజీ కొనేవాళ్లూ జాగ్రత్త: రక్తం చిక్కబడితే “గుడ్” అని టిక్కు పెడుతున్నారు

నీరసంగా ఉంది, పొట్ట పెరుగుతోంది, దేనిమీదా ఆసక్తి లేదు అని వెళ్తే టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఇంజెక్షన్లను ఆరు నెలల ప్యాకేజీగా అంటగట్టే మగవాళ్ల హార్మోన్ క్లినిక్కులు మీకు తెలిసినవే. అలాంటి ఒకచోట ఒకాయనకి చేసిన పని చూశాక కడుపు మండిపోయి రాస్తున్నాను. క్లినిక్ పేరు రాయడం లేదు. రిపోర్టుల్లోని అంకెలు ఆయన సరేనన్న మీదటే ఇస్తున్నాను.

వయసు 46. రోజుకి పది సిగరెట్లు. పక్కగదిలోకి వినిపించేంత గురక. ఇంజెక్షన్లు మొదలయ్యేనాటికి హిమోగ్లోబిన్ 16.1, హెమటోక్రిట్ 48. అంటే రక్తంలో నూటికి 48 వంతులు ఎర్రకణాలే. మగవాళ్లలో 49 దాటితే కారణం వెతకాలి కాబట్టి, ఆయన అప్పటికే అంచు మీద ఉన్నారు. అలాంటి మనిషికి వారానికి 250 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఎనాంథేట్ పొడిచారు. నిజంగా లోపం ఉన్నవాళ్లకి ఇచ్చేదే వారానికి 75 నుంచి 100, లేదా రెండు వారాలకి 150 నుంచి 200. నాలుగు నెలలకి హిమోగ్లోబిన్ 19.1, హెమటోక్రిట్ 57.

ఆ రిపోర్టు కాగితం నా ముందే ఉంది. హిమోగ్లోబిన్ వరస పక్కన నీలం పెన్నుతో టిక్కు పెట్టి “గుడ్” అని రాశారు. సరిగ్గా దాని కింది వరసలోనే హెమటోక్రిట్ హద్దు దాటిందని ల్యాబ్ వాళ్లు ముదురు అక్షరాల్లో అచ్చేశారు. దాని జోలికి ఆ పెన్ను వెళ్లలేదు. “రక్తం బాగా పట్టింది సార్, నీళ్లు ఎక్కువ తాగండి” అని చెప్పి ఆ రోజే తర్వాతి డోసు ఇచ్చేశారు. టెస్టోస్టిరాన్ వాడుతుండగా హెమటోక్రిట్ 54 దాటితే మందు ఆపాలి. ఆ వైద్యం చేసేవాళ్లందరూ పాటించాల్సిన నియమం ఇది. 57 కాగితం చేతిలో పెట్టుకుని సూది పొడవడం పొరపాటు కాదు, మనిషి ప్రాణం పట్ల లెక్కలేనితనం.

అక్కడితో ఆగినా బాగుండేది. తలనొప్పి, మొహం ఎర్రబడటం మొదలయ్యాక మళ్లీ వెళ్తే, “ఎముక మూలుగ జబ్బు కావచ్చు, బ్లడ్ క్యాన్సర్ లాంటిది” అని భయపెట్టి బోలెడన్ని జీన్లు చూసే ప్యాకేజీకి డబ్బు కట్టించుకున్నారు. అప్పుడు కూడా ఇంజెక్షన్ ఆపమన్న ఒక్క మాట లేదు. ఇంట్లోవాళ్లు ఎంత ఏడ్చి ఉంటారో మీరే ఊహించుకోండి.

అసలు సంగతి చెప్తాను. ఎర్రకణాలు ఎక్కువవడానికి రెండు వేర్వేరు దారులున్నాయి. ఒకటి మూలుగలోనే లోపం. దాన్ని పాలిసైథీమియా వెరా అంటారు. జాక్2 అనే జీన్‌లో మార్పు వచ్చి, ఎవరూ అడగకపోయినా మూలుగ కణాలను తయారు చేస్తూనే ఉంటుంది. రెండోది సెకండరీ. ఇందులో మూలుగ ఆరోగ్యంగానే ఉంటుంది, బయటి నుంచి వచ్చే ఆదేశాన్ని పాటిస్తుంది అంతే. మామూలుగా ఆ ఆదేశం కిడ్నీల్లో తయారయ్యే ఎరిత్రోపోయిటిన్ ద్వారా వస్తుంది. టెస్టోస్టిరాన్ దాన్ని పెంచుతుంది. పైగా ఇనుమును కట్టడి చేసే హెప్సిడిన్‌ను తగ్గించి, మూలుగకి ఇనుము ధారాళంగా అందేలా చేస్తుంది. జెల్ కంటే ఇంజెక్షన్‌తో ఈ బెడద ఎక్కువ, ఎందుకంటే పొడిచిన తర్వాత కొన్ని రోజులు మందు మోతాదు రక్తంలో బాగా పైకి పోతుంది.

సిగరెట్ చేసేది ఇంకోరకం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది. కణజాలానికి ఆక్సిజన్ చాలక శరీరం మరిన్ని ఎర్రకణాలు అడుగుతుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ చూసి మోసపోకండి. దానికి కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ ఆక్సిజన్ పట్టుకున్నదానికీ తేడా తెలియదు, 98 చూపిస్తుంది. కార్బాక్సీహిమోగ్లోబిన్ అని విడిగా కొలవాలి. ఇక గురక సంగతి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియాలో రాత్రంతా ఆక్సిజన్ పడిపోతూ లేస్తూ ఉంటుంది. అది ఒక్కటే హెమటోక్రిట్‌ను ఇంత పైకి తీసుకెళ్లడం అరుదు, కానీ మిగతా రెండిటికీ తోడైతే బరువు పెంచుతుంది. ఊబకాయం, సరిగా పట్టని నిద్ర టెస్టోస్టిరాన్‌ను కూడా తగ్గిస్తాయి. అంటే ఆయన నీరసానికి మూలం గురకలోనే ఉండొచ్చు. దాని గురించి ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు.

వెరానీ సెకండరీనీ విడదీయడానికి మొదట కావాల్సింది చేతి నుంచి తీసే మామూలు రక్తమే. జాక్2 జీన్‌లో వి617ఎఫ్ అనే మార్పు ఉందా అని చూసే పరీక్ష, ఎరిత్రోపోయిటిన్ పరీక్ష. వెరా ఉన్నవాళ్లలో నూటికి 95 మందికి వి617ఎఫ్ ఉంటుంది, మిగిలినవాళ్లలో చాలామందికి అదే జీన్‌లో ఎక్సాన్ 12 మార్పు కనిపిస్తుంది. ఎరిత్రోపోయిటిన్ వెరాలో సాధారణంగా తక్కువ, సెకండరీలో మామూలుగానో ఎక్కువగానో ఉంటుంది. వెరాలో తరచుగా తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా పెరుగుతాయి, ప్లీహం ఉబ్బుతుంది, వేడినీళ్ల స్నానం తర్వాత ఒళ్లంతా దురద పెడుతుంది. ఒక మెలిక ఉంది: సిగరెట్ తాగేవాళ్లకి తెల్లకణాలు కాస్త ఎక్కువే ఉంటాయి, ఆ ఒక్కదాన్ని పట్టుకుని మూలుగ జబ్బు అనకూడదు.

ఈయనకి తెల్లకణాలు 9,800, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు, ప్లీహం మామూలే, దురద లేదు. రక్త జబ్బులు చూసే హెమటాలజిస్టు చేయించిన వి617ఎఫ్ నెగటివ్, ఎరిత్రోపోయిటిన్ మామూలు హద్దుల్లోనే ఉంది. ఇంజెక్షన్లు ఆపించారు. తలనొప్పి ఎక్కువగా ఉందని ఒకసారి 350 మిల్లీలీటర్ల రక్తం తీశారు. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు, కాబట్టి హెమటోక్రిట్ వారంలో దిగదు. మూడు నెలలకి 50కి వచ్చింది. ఇంకా 49 పైనే ఉందంటే అది సిగరెట్, గురకల వాటా కావచ్చు. ఇప్పుడు నిద్ర పరీక్ష చేయించుకున్నారు, నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీప్యాప్ మిషన్ పెట్టారు, సిగరెట్ మానే ప్రయత్నంలో ఉన్నారు. ఒకవేళ కారణాలన్నీ తీసేసినా అంకె దిగకపోతే మూలుగ వైపు మళ్లీ చూడాల్సిందే. టెస్టోస్టిరాన్ వాడినంత మాత్రాన వెరా రాదని హామీ ఏమీ లేదు.

“రెండు నెలలకోసారి రక్తం ఇచ్చేసి ఇంజెక్షన్లు కొనసాగించండి” అని కొందరు చెప్తున్నారు. నమ్మకండి. పదేపదే రక్తం తీస్తే ఇనుము అడుగంటి నీరసం తిరిగొస్తుంది, వెనక నుంచి మందు కణాలను తోస్తూనే ఉంటుంది. వెరాలో హెమటోక్రిట్‌ను 45 లోపు ఉంచడానికి రక్తం తీయడమే ముఖ్యమైన వైద్యం. సెకండరీలో కారణాన్ని తీయడం ముఖ్యం. నీళ్లు తాగడం కూడా అంతే, ఒంట్లో నీరు తగ్గి పెరిగిన అంకెను సరిచేస్తుంది గానీ 57ను మామూలు చేయదు.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఈ వారమే కంప్లీట్ బ్లడ్ పిక్చర్ చేయించుకోండి. హెమటోక్రిట్ 54 దాటితే తర్వాతి డోసు వద్దు, హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి వెళ్లండి. మొదలుపెట్టబోయేవాళ్లకి: లోపం ఉందని తేల్చాలంటే వేర్వేరు రోజుల్లో రెండుసార్లు పొద్దున్నే పరగడుపున పరీక్ష చేయాలి, హెమటోక్రిట్ మొదట్లోనూ, మూడు నుంచి ఆరు నెలల్లోనూ చూడాలి. పిల్లలు కావాలనుకునేవాళ్లు అసలే వద్దు, వీర్యకణాలు పడిపోతాయి. చిక్కబడ్డ రక్తం గడ్డకట్టవచ్చు, కాబట్టి ఒక కాలు వాచి నొప్పి పుట్టినా, ఛాతీ పట్టేసినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా క్లినిక్‌కి ఫోన్ చేయొద్దు, 108కి చేయండి. ఇంకొకటి, బిల్లు మీద మందు పేరు, మిల్లీగ్రాములు రాయించుకోండి. ఈయన బిల్లులో “వెల్‌నెస్ షాట్” అని మాత్రమే ఉంది, ఏ మందు ఎంత పొడిచారో తెలుసుకోవడానికి హెమటాలజిస్టు ఖాళీ సీసా తెప్పించుకోవాల్సి వచ్చింది.