ముక్కుకీ పై పెదవికీ మధ్య దూరం ఎక్కువైతే ఏది మేలు: ఫిల్లరా, లిప్ లిఫ్టా?

"ముక్కు కింద జాగా మరీ ఎక్కువగా ఉంది. ఫిల్లర్‌తో సరిపోతుందా, సర్జరీ దాకా వెళ్లాలా?" ఇలా అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఒకటి రెండుసార్లు ఫిల్లర్ వేయించుకుని ఉంటారు. పెదవి లావైంది, కానీ ముఖంలో ఇబ్బంది పెట్టిన సంగతి మాత్రం అక్కడే ఉంది. కొందరికి అది ఇంకా ఎక్కువైనట్టు కూడా అనిపిస్తుంది. అలా అనిపించడం భ్రమేమీ కాదు, దానికి కారణం ఉంది.

తలుపుకి వేలాడే పరదా పొడవుగా ఉంటే పైన కొంత కత్తిరించి కుట్టుకోవాలి. కింద అంచులో దూది కూరితే అంచు లావవుతుందే తప్ప పరదా పొట్టిగా మారదు. ఫిల్లర్ అంచులో కూరిన దూది లాంటిది, ముక్కు కింద కొంత చర్మం తీసి కుట్టే లిప్ లిఫ్ట్ సర్జరీ పైన కత్తిరించి కుట్టడం లాంటిది. ఫిల్లర్‌గా ఇంజెక్షన్‌తో వేసే హైలురోనిక్ యాసిడ్ జెల్ పెదవి ఎర్రభాగంలోకి వెళ్లాక ముఖ్యంగా ముందుకి తోస్తుంది, అంచుని కాస్త బయటికి తిప్పుతుంది. దానివల్ల ఎర్రభాగం ఒక మిల్లీమీటరో, అంతకంటే కొంచెం ఎక్కువో కనిపించవచ్చు. ముక్కు కింది చర్మం పొడవు మాత్రం తగ్గదు. పైగా పొడవైన పెదవికి బరువు కూడా తోడై, కనిపించే ఆ కాస్త పళ్లు కూడా దాని వెనక్కి పోతాయి.

చాలామంది స్కేలు పట్టుకుని ముక్కు కింది దూరమే కొలుస్తారు. ముక్కు రంధ్రాల మధ్యగోడ పెదవిని కలిసే చోటు నుంచి ఎర్రభాగం మొదలయ్యే గీత దాకా కొలిస్తే ఆడవాళ్లలో సుమారు 12 నుంచి 14 మిల్లీమీటర్లు, మగవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ వస్తుంది. 16, 17 దాటితే పొడవనే అంటారు. ఈ అంకె అవసరమే, కానీ నిర్ణయం దీన్ని బట్టి చేయకూడదు. తేల్చేది పెదవి వదులుగా ఉన్నప్పుడు పై పళ్లు ఎంత కనిపిస్తున్నాయన్న లెక్క.

దాన్ని చూసుకునే పద్ధతి సులువే. తల నిటారుగా పెట్టుకుని కూర్చుని, "ఎమ్మా" అని రెండు మూడుసార్లు అని, ఆ తర్వాత పెదవుల్ని వాటంతట అవే విడిపోనివ్వాలి. నవ్వకూడదు, బిగించకూడదు. అప్పుడు పై ముందు పళ్ల అంచులు పెదవి కింద ఎంత బయటికి వచ్చాయో కొలవాలి. వయసులో ఉన్న ఆడవాళ్లకి సాధారణంగా 3, 4 మిల్లీమీటర్లు కనిపిస్తాయి, మగవాళ్లకి 2 దాకా. వయసు పెరిగేకొద్దీ పై పెదవి సాగి పలచబడుతుంది. పై పళ్లు దాక్కుంటాయి, మాట్లాడేటప్పుడు కింది పళ్లు బయటపడతాయి. ముఖం అలసినట్టు, పెద్దవయసుదానిలా కనిపించడానికి ముడతల కంటే ఇదే పెద్ద కారణం కావచ్చు.

లిప్ లిఫ్ట్ పెదవి కింది అంచుని కూడా పైకి లాగుతుంది కాబట్టే ఈ కొలత అంత ముఖ్యం. పళ్లు కనిపించనివాళ్లకి అది వరం. అసలే 4 మిల్లీమీటర్లు కనిపిస్తూ, నవ్వితే చిగుళ్లు కూడా బయటికి వచ్చేవాళ్లకి అదే చిక్కు.

ఉదాహరణకి ఇద్దర్ని తీసుకుందాం. మొదటామెకి ముక్కు కింద 18 మిల్లీమీటర్లు, పై పెదవి ఎర్రభాగం 5, వదులుగా ఉన్నప్పుడు పళ్లు సున్నా. ఆమెకి ఒక మిల్లీలీటరు ఫిల్లర్ వేస్తే ఎర్రభాగం 6 పైచిలుకు అవుతుంది. 18 అలాగే ఉంటుంది, పళ్లు సున్నాయే, పక్క నుంచి చూస్తే పెదవి ముందుకి పొడుచుకొస్తుంది. ఇక్కడ లిప్ లిఫ్ట్ తప్ప వేరేది పనిచేయదు. 5 మిల్లీమీటర్ల చర్మం తీస్తే ముక్కు కింద దాదాపు 13 మిగులుతుంది. తీసిన ఆ 5లో కొంత ఎర్రభాగం బయటికి తిరగడానికి పోతుంది, కొంత పెదవి అంచు పైకి లేవడానికి. అందుకని పళ్లు 5 మిల్లీమీటర్లు కనిపించవు, ఒకటిన్నర, రెండు దాకా రావచ్చు. మొదటి నెలల్లో కణజాలం కాస్త సడలి కొంత దిగుతుంది కూడా.

రెండో ఆమెకి ముక్కు కింద 15, ఎర్రభాగం 5, పళ్లు 4. స్కేలు మాత్రమే చూస్తే ఈమెది కూడా మామూలు కంటే కాస్త పొడవే అనిపిస్తుంది. కానీ 3 మిల్లీమీటర్లు తీసినా పెదవులు తేలిగ్గా కలవడం కష్టమయ్యే ప్రమాదం ఉంది. నిద్రలో నోరు ఆరిపోవడం, నవ్వితే చిగుళ్లు ఇంకా ఎక్కువ కనిపించడం ఆ తర్వాతి సంగతులు. ఈమెకి అర మిల్లీలీటరు ఫిల్లర్, అది కూడా పై పెదవి మధ్యభాగంలోనే, చాలు. ఏమీ చేయించుకోకపోయినా తప్పులేదు.

ఒక మెలిక కూడా ఉంది. పళ్లు కనిపించకపోవడానికి ఒక్కోసారి కారణం పెదవి కాదు. పళ్లే అరిగిపోయి పొట్టివైతేనో, పై దవడ ఎముక పెరుగుదల తక్కువైతేనో కూడా ఇదే కనిపిస్తుంది. చర్మం కోసే ముందు పళ్ల డాక్టరు ఒకసారి చూడటం మంచిది.

సర్జరీలో సర్జన్ చేయి తెలిసేది గుర్తు పెట్టడంలోనూ, లోపలి కుట్లలోనూ. మత్తు ఇంజెక్షన్ ఇస్తే చర్మం ఉబ్బి కొలత తప్పుతుంది కాబట్టి గీతలు ముందే, మనిషి కూర్చుని ఉండగానే గీయాలి. ముక్కు అడుగు ఎలా ఒంపులు తిరిగిందో ఆ ఒంపుల వెంటే, ఎద్దు కొమ్ముల ఆకారంలో పై గీత వెళ్తుంది. దానికి సమాంతరంగా, తీయాల్సిన మేర కింద రెండో గీత. ఆ మధ్య చర్మాన్నీ దాని కింది పలుచని పొరనీ తీసేస్తారు. తర్వాత పెదవి బరువంతా మోసేది లోపలి కుట్లే. అవి గట్టిగా పట్టాక పై చర్మం అంచులు లాగకుండానే తాకాలి, అప్పుడే సన్నని దారంతో పై కుట్లు. ఆ భాగం మాత్రమే మొద్దుబారేలా మత్తిచ్చి గంట, గంటన్నరలో అయిపోతుంది. పై కుట్లు 5 నుంచి 7 రోజుల్లో తీస్తారు.

లోపలి కుట్లు సరిగ్గా లేకపోతే బరువంతా చర్మం మీద పడుతుంది. అప్పుడు మచ్చ వెడల్పవుతుంది, ముక్కు రంధ్రాల గడప కిందికి సాగి ఆ ఒంపు చదునైపోతుంది, ముక్కు అడుగు వెడల్పయినట్టు కనిపిస్తుంది. ఇది తర్వాత సరిచేయడం చాలా కష్టం. కాబట్టి సర్జన్ చూపించే ఫొటోల్లో పెదవి కంటే ముందు ముక్కు అడుగుని చూడండి. ఏడాది తర్వాతవి, ముఖం కాస్త పైకెత్తి కింద నుంచి తీసినవి అడగండి. ముందు నుంచి తీసిన రెండు వారాల ఫొటోలు మచ్చ గురించి ఏమీ చెప్పవు.

మచ్చ మూడు నుంచి ఆరు నెలల దాకా ఎర్రగానో గోధుమరంగుగానో ఉండి, ఏడాదికి స్థిరపడుతుంది. ఛామన, నలుపు రంగు చర్మంలో రంగు ముదరడం ఎక్కువ కాబట్టి ఎండ పడకుండా చూసుకోవాలి. చెవి కుట్టిన చోటో, ఛాతీ మీదో మచ్చ ఉబ్బి గడ్డకట్టిన అనుభవం ఉన్నవాళ్లు ఈ సర్జరీకి రెండుసార్లు ఆలోచించాలి. సిగరెట్ తాగేవాళ్లు ముందు కనీసం నాలుగు వారాలు, తర్వాత గాయం మానేదాకా ఆపాల్సిందే.

తొలి రెండు వారాల వాపులో పెదవి మరీ పైకి పోయినట్టు అనిపించి కంగారు పడతారు. నవ్వు కూడా కొన్ని వారాలు బిగుసుకుని ఉంటుంది. మూడు నెలల లోపు ఫలితం గురించి తీర్పు చెప్పకూడదు. ఇంకో పరిమితి, ఈ సర్జరీ ఎత్తేది మధ్యభాగాన్నే. నోటి మూలలు ఉన్నచోటే ఉంటాయి. అవి అప్పటికే కిందికి వాలి ఉంటే మధ్య లేచి మూలలు వేలాడి పెదవి త్రికోణంలా కనిపిస్తుంది. ఆ సంగతి ముందే మాట్లాడుకోవాలి.

ఫిల్లర్ వైపు నుంచి న్యాయంగా చెప్పాల్సినది ఒకటుంది. హైలురోనిక్ యాసిడ్ నచ్చకపోతే హైలురోనిడేజ్ ఇంజెక్షన్‌తో కరిగించేయవచ్చు, కోసిన చర్మం మాత్రం తిరిగి రాదు. సందేహంలో ఉన్నవాళ్లకి ఇది తక్కువ లాభం కాదు. అలాగని అది ప్రమాదం లేనిదనుకోవద్దు. పై పెదవిలోని రక్తనాళంలోకి జెల్ పోతే మామూలు కంటే ఎక్కువ నొప్పి, చర్మం తెల్లబడటం, ఆ తర్వాత వలలాంటి ఊదారంగు మచ్చలు వస్తాయి. ఇవి ముక్కు దాకా పాకవచ్చు. రేపు చూద్దాం అనుకునే విషయం కాదు, గంటల్లో కరిగించాలి. హైలురోనిడేజ్ అందుబాటులో లేని చోట ఫిల్లర్ వేయించుకోవద్దు.

దాని కంటే నెమ్మదిగా జరిగే చెడు ఒకటి ఉంది, పొడవు సమస్య ఉన్నవాళ్లకే అది ఎక్కువగా జరుగుతుంది. ఆశించిన మార్పు రాలేదని మళ్లీ మళ్లీ వేయించుకుంటే జెల్ పెదవి గీత దాటి పైకి చేరుతుంది. గీత మసకబారుతుంది, దాని పైన చిన్న గట్టులా ఉబ్బు, ముక్కు కింది గాడి పూడిపోతుంది. అంతే దూరం ఇప్పుడు ఇంకా పొడవుగా కనిపిస్తుంది. పక్క నుంచి వెలుతురు పడేలా నిలబడితే ఆ గట్టు నీడ తెలిసిపోతుంది. అది ఉంటే కొత్త సిరంజి జోలికి పోకుండా ముందు కరిగించుకోవాలి.

బొటాక్స్‌తో చేసే లిప్ ఫ్లిప్ పెదవి అంచుని కాస్త బయటికి తిప్పుతుంది, రెండు మూడు నెలలు ఉంటుంది, పొడవు మీద ప్రభావం లేదు. పెదవి గీత మీదే కోసే పద్ధతి కూడా ఉంది, కానీ మచ్చ అందరికీ కనిపించే చోట పడుతుంది.

సర్జరీకి వెళ్లేవాళ్లు పాత ఫిల్లర్‌ని ముందే కరిగించుకుని, రెండు వారాలైనా ఆగి కొలతలు తీయించుకోవాలి. జెల్ ఉన్న పెదవిని కొలిచి కోస్తే, అది కరిగిన రోజున లెక్క మారిపోతుంది. పెదవి ఇంకాస్త నిండుగా ఉంటే బాగుండునని సర్జరీ తర్వాత కూడా అనిపిస్తే, బిగుతు పోయి కణజాలం మెత్తబడే దాకా కొన్ని నెలలు ఆగి అర మిల్లీలీటరు ఫిల్లర్‌తో మొదలుపెట్టవచ్చు. అప్పుడు దాని పని పెదవిని నింపడం వరకే.