ఆక్సిజన్‌ని అయస్కాంతం ఎందుకు లాగుతుంది: లూయిస్ చుక్కలా, మాలిక్యులర్ ఆర్బిటాల్సా, ఏది మేలు?

ద్రవ ఆక్సిజన్‌ని బలమైన అయస్కాంతం రెండు ధ్రువాల మధ్య పోస్తే, అది కింద పడకుండా లేత నీలం రంగులో అక్కడే అంటుకుని ఉండిపోతుంది, ఆవిరైపోయేదాకా. ద్రవ నైట్రోజన్ పోస్తే మాత్రం నేరుగా జారిపోతుంది. అంటే O2లో జతకూడని ఎలక్ట్రాన్లు ఉన్నాయన్నమాట. ఎన్నో కూడా చెప్పొచ్చు, కొలిస్తే అయస్కాంత భ్రామకం దాదాపు 2.8 బోర్ మాగ్నెటాన్లు వస్తుంది, √(n(n+2)) అనే ఫార్ములాలో n = 2 వేస్తే 2.83, కాబట్టి రెండు.

ఇప్పుడు లూయిస్ బొమ్మ గీయండి. ఒక్కో ఆక్సిజన్‌కి 6 వేలెన్స్ ఎలక్ట్రాన్లు, మొత్తం 12, మధ్యలో డబుల్ బాండ్, అటు రెండు జతలు ఇటు రెండు జతలు. ఆక్టెట్ చక్కగా కుదిరింది, కానీ ఒంటరి ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు. ఈ బొమ్మ ప్రకారం ఆక్సిజన్‌ని అయస్కాంతం లాగకూడదు.

"అయితే సింగిల్ బాండ్ గీసి, ఒక్కో ఆక్సిజన్ మీద ఒక్కో ఒంటరి ఎలక్ట్రాన్ పెడితే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు, మంచి ప్రశ్నే. అయస్కాంతం లెక్క దాంతో కుదురుతుంది గానీ బాండ్ పొడవు దగ్గర దెబ్బతింటుంది. నిజంగా సింగిల్ బాండ్ ఉన్న హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో O–O దూరం దాదాపు 147 పికోమీటర్లు, O2లో 121 మాత్రమే. అంత దగ్గరగా ఉన్నదాన్ని సింగిల్ బాండ్ అనలేం. ఒక బొమ్మ బాండ్‌ని సరిగ్గా చూపిస్తుంది, రెండోది ఎలక్ట్రాన్లని, రెండూ కలిపి చూపించేది వీటిలో లేదు.

మాలిక్యులర్ ఆర్బిటాల్ పద్ధతిలో ఎలక్ట్రాన్లని ఈ పరమాణువుదీ ఆ పరమాణువుదీ అని పంచం, రెండింటి ఆర్బిటాల్స్ కలిపి అణువు మొత్తానికి కొత్త ఆర్బిటాల్స్ కట్టి, తక్కువ శక్తి ఉన్నదాని నుంచి నింపుకుంటూ పోతాం. 2s నుంచి వచ్చిన రెండూ నిండిపోతాయి, ఒకటి బాండ్‌ని బలపరిచే బాండింగ్, ఒకటి బలహీనపరిచే యాంటీబాండింగ్ కాబట్టి వాటి ప్రభావం దాదాపు చెల్లుకు చెల్లు. అసలు కథ మిగిలిన 8 ఎలక్ట్రాన్లది. σ2pలోకి 2, రెండు π2pల్లోకి 4, ఇంకా 2 మిగిలాయి. వాటికి ఖాళీగా ఉన్నవి యాంటీబాండింగ్ π*2pలు, అవి రెండు, రెండింటి శక్తీ సమానం. హుండ్ రూల్ ప్రకారం ఒక్కోదాంట్లో ఒక్కోటి, ఒకే స్పిన్‌తో కూర్చుంటాయి:

σ2s² σ*2s² σ2p² π2p⁴ π*2p²

అయస్కాంతానికి చిక్కేది ఆ చివరి రెండే. బాండ్ ఆర్డర్ చూస్తే, బాండింగ్‌లో 8, యాంటీబాండింగ్‌లో 4, తేడాలో సగం 2. డబుల్ బాండ్ పోలేదు, ఒంటరి ఎలక్ట్రాన్లూ వచ్చాయి.

నన్ను ఎక్కువగా ఒప్పించేది మాత్రం ఇది: O2 నుంచి ఒక ఎలక్ట్రాన్ పీకేస్తే బాండ్ ఏమవ్వాలి? లూయిస్ బొమ్మ చూసి చెప్పమంటే ఏమీ తేలదు. ఇక్కడైతే పోయేది π*లోని ఎలక్ట్రాన్, అంటే బాండ్‌ని బలహీనం చేసేదే పోతోంది, కాబట్టి బాండ్ ఆర్డర్ 2.5 అయ్యి పొడవు తగ్గాలి. O2⁺లో అది నిజంగానే 112 పికోమీటర్లకి తగ్గుతుంది. పెరాక్సైడ్ అయాన్‌లో రెండు ఎలక్ట్రాన్లు ఎక్కువై π* నిండిపోతుంది, బాండ్ ఆర్డర్ 1, పొడవు 149కి దగ్గర్లో, ఒంటరి ఎలక్ట్రాన్లు లేవు కాబట్టి అయస్కాంతం లాగదు కూడా.

చాలామంది తడబడేది ఆర్బిటాల్స్ వరుస దగ్గర. N2లో π2p కింద, σ2p పైన ఉంటాయి, O2లో తిరగబడతాయి. పొరపాటున N2 వరుస వేసినా O2కి అయస్కాంత జవాబు మారదు, ఎందుకంటే ఆ మూడూ ఎలాగూ నిండిపోతాయి. B2లో మాత్రం మారిపోతుంది, అక్కడ జాగ్రత్త.

కాబట్టి అయస్కాంత ధర్మం, అయాన్ల బాండ్ పొడవు అడిగితే మాలిక్యులర్ ఆర్బిటాల్సే, అనుమానం లేదు. నీరు, మీథేన్ లాంటివాటికి లూయిస్ బొమ్మ చాలు, వేగంగా పని అయిపోతుంది. ఇంకొకటి, "బాండ్లు రెండు పరమాణువుల మధ్యే" అనుకునే వేలెన్స్ బాండ్ పద్ధతి ఇక్కడ పూర్తిగా ఓడిపోయిందనడం అన్యాయం. 1931లోనే పౌలింగ్ ఒక మామూలు బాండ్, రెండు మూడు-ఎలక్ట్రాన్ల బాండ్లు అని గీసి ఇదే జవాబు తెప్పించాడు, కాకపోతే అక్కడ ఆ బొమ్మని మనం ఎంచుకోవాలి, ఇక్కడ నింపుకుంటూ పోతే అదే వస్తుంది.