రంధ్రం సవరణ: డ్రాయింగ్‌లోనా, స్లైసర్‌లోనా?

3డి ప్రింటర్‌లో 8 మి.మీ. పుల్ల సరిగ్గా 8 వచ్చి, 8గా గీసిన రంధ్రం మాత్రం 7.8కి కుంచించుకుపోయిందనుకుందాం. పుల్ల చేత్తో సులువుగా దూరాలంటే 0.2 ఖాళీ కావాలి. డ్రాయింగ్‌లోనే సవరిస్తే రంధ్రాన్ని 8.4గా గీయాలి, ఆ ఒక్క రంధ్రమే మారుతుంది గానీ, ప్రింటర్ మారితే ఆ అంకె చెల్లకపోవచ్చు.

డ్రాయింగ్‌ను పొరలుగా కోసి ప్రింటర్‌కు ఇచ్చే స్లైసర్ క్యూరాలో `Hole Horizontal Expansion` 0.2గా పెట్టినా అదే ఫలితం రావాలి, ఎందుకంటే అది అంచును చుట్టూ జరుపుతుంది కాబట్టి వ్యాసం 0.4 పెరుగుతుంది (చాలామంది తడబడేది ఇక్కడే). అయితే మరలు బిగించాల్సిన రంధ్రాలు కూడా వదులవుతాయి, పక్కకు పడుకున్న రంధ్రం పైకప్పు జారుడు మాత్రం సరికాదు.

ప్రింటర్ లోపానికి స్లైసర్‌లో 0.1, కావలసిన ఖాళీకి డ్రాయింగ్‌లో 8.2 ఇవ్వడమే నాకు సబబనిపిస్తుంది.