వెడ్జ్ ఒకటి, ప్లాట్‌ఫారమ్ ఒకటి: రెండేళ్లు తిరుపతి రోడ్ల మీద వేసుకున్నాక

నేను ఐదడుగుల మనిషిని. చీర కడితే కాస్త ఎత్తు కావాలి, పెన్సిల్ హీల్ నా వల్ల కాదు. అందుకే రెండేళ్లుగా రెండు జతల చెప్పులు మార్చి మార్చి వేసుకుంటున్నాను. ఒకటి వెడ్జ్, అంటే మడమ దగ్గర ఎత్తుగా మొదలై వేళ్ల వైపు పల్చబడే సోల్. రెండోది ప్లాట్‌ఫారమ్, ముందూ వెనకా మందంగా ఉండేది. ఆఫీసు తిలక్ రోడ్డు వైపు. గాంధీ రోడ్డులో బజారు పని, గోవిందరాజస్వామి గుడి, రైల్వే స్టేషన్, బస్టాండ్, ఇవే నా తిరుగుడు.

షాపులో వాళ్లు ఒక్క అంకె చెప్తారు, ‘రెండున్నర ఇంచుల హీల్ మేడమ్’ అని. ఆ అంకెతో ఏమీ తెలియదు. స్కేలు పెట్టి రెండు చోట్ల కొలవాలి: మడమ మధ్య కింద సోల్ ఎంత మందం, వేళ్ల వెనక అరికాలి ఉబ్బు కింద ఎంత మందం. నా వెడ్జ్‌కి వెనక ఏడున్నర సెంటీమీటర్లు, ముందు రెండు. తేడా ఐదున్నర. ప్లాట్‌ఫారమ్‌కి వెనక ఆరు, ముందు నాలుగు. తేడా రెండే. బయటికి రెండూ హీల్స్ లాగే కనిపిస్తాయి గానీ, ప్లాట్‌ఫారమ్‌లో నా పాదం దాదాపు చదునుగా ఉంటుంది, వెడ్జ్‌లో బాగా కిందికి వాలి ఉంటుంది.

ఎంత దూరం నడవగలమన్నది ఎక్కువగా ఈ తేడా మీదే ఆధారపడుతుంది. వెడ్జ్ వేసుకుని స్టేషన్ దగ్గర ఆటో దిగి, గుడి చుట్టూ ఉన్న వీధుల్లో గాజులూ బ్లౌజు ముక్కలూ చూస్తూ తిరిగితే, అర కిలోమీటరు దాటాక అరికాలి ముందు భాగం మండటం మొదలవుతుంది. బరువంతా అక్కడికే జారుతుంది కదా. కిలోమీటరుకి వేళ్లు ముందు పట్టీని ఒత్తుకుంటాయి, పిక్కలు పట్టేస్తాయి. అదే దారి ప్లాట్‌ఫారమ్‌తో రెండు కిలోమీటర్ల దాకా హాయిగా నడుస్తాను. ఆపైన నొప్పి కాదు, బరువు తెలుస్తుంది. సోల్ గట్టిది, వేళ్ల దగ్గర వంగదు, ప్రతి అడుగుకీ కాలు ఎత్తి వెయ్యాల్సి వస్తుంది. ముందు అంచు కాస్త పైకి వంగి ఉన్న మోడల్ అయితే అడుగు దొర్లినట్టు పడి ఈ ఇబ్బంది తగ్గుతుంది. కొనేటప్పుడు బల్ల మీద పెట్టి వేళ్ల వైపు నొక్కి చూడండి, చెప్పు సాఫీగా ముందుకు ఒరగాలి.

ఇక కాలు బెణకడం. ఇందులో వెడ్జ్‌కి ఒక రకం ప్రమాదం, ప్లాట్‌ఫారమ్‌కి ఇంకో రకం.

చీలమండ లోపలి ఎముక ముందు వైపు వెడల్పుగా, వెనక వైపు సన్నగా ఉంటుంది. పాదం చదునుగా ఉన్నప్పుడు ఆ వెడల్పు భాగం రెండు పక్క ఎముకల మధ్య బిగుతుగా కూర్చుంటుంది. మడమ పైకి లేచి వేళ్లు కిందికి వాలితే సన్న భాగం ఆ చోటికి వస్తుంది, కీలు కాస్త వదులవుతుంది. వెడ్జ్‌లో మనం రోజంతా ఆ వదులు కీలు మీదే నడుస్తాం. మెట్లు దిగేటప్పుడు మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ ముందు వేళ్లే ఆనతాయి. స్టేషన్ ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మెట్లు వెడ్జ్‌తో దిగితే నేను రెయిలింగు వదలను.

ప్లాట్‌ఫారమ్‌లో కీలు గట్టిగానే ఉంటుంది, కానీ పాదం నేలకి నాలుగు సెంటీమీటర్ల పైన ఉంటుంది. కింద రాయి ఉన్నా, సిమెంటు పలక అంచు ఉన్నా అరికాలికి తెలియదు. చెప్పు ఒరగడం మొదలయ్యాకే తెలుస్తుంది. ఎత్తు ఎక్కువ కాబట్టి ఒరిగితే పాదం తిరిగే బలమూ ఎక్కువే. సర్దుకునేలోపే అయిపోతుంది.

నాకు బెణికింది వెడ్జ్‌తో. గాంధీ రోడ్డు పక్క సందులో కాలువ మీద పలక ఒకటి రోడ్డు కంటే రెండు వేళ్లు పైకి ఉంది. కుడి చెప్పు లోపలి అంచు దాని మీద పడింది. అరికాలు లోపలికి తిరిగి, బరువంతా బయటి వైపు పడింది. గంటలోపే బయటి చీలమండ గుబ్బకి ముందు, కింద గుడ్డు పెట్టినట్టు వాచింది. చీలమండ బెణుకుల్లో మామూలుగా దెబ్బ తినే లిగమెంటు, అంటే ఎముకల్ని కట్టి ఉంచే పట్టీ, అక్కడే ఉంటుంది. డాక్టరు గుబ్బ వెనక అంచునీ పాదం బయటి అంచునీ వేలితో నొక్కి చూశారు. తర్వాత, ‘ఏమ్మా, నాలుగడుగులు వెయ్యి చూద్దాం’ అన్నారు. కుంటుతూ వేశాను. ఎముక మీద నొప్పి లేదు, నాలుగడుగులు పడ్డాయి, కాబట్టి ఎక్స్‌రే వద్దన్నారు. అడుగు వెయ్యలేకపోయినా, ఎముకని నొక్కితే ప్రాణం పోయినా ఎక్స్‌రే తియ్యాల్సిందేనట. వాపు తగ్గాక ఒంటికాలి మీద నిలబడే వ్యాయామం ఇచ్చారు. ఒకసారి బెణికిన కాలు మళ్లీ బెణికే అవకాశం ఎక్కువ, అందుకని.

ఆ తర్వాత ఆ జతని తిప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. మడమ దగ్గర నేలకి తగిలే వెడల్పు ఐదు సెంటీమీటర్లే. నా మడమ దాని కంటే వెడల్పు. పైన వెడల్పుగా ఉండి కిందికి సన్నబడే ఆకారం చూడ్డానికి నాజూకే, నిలబడ్డానికి కాదు. ప్లాట్‌ఫారమ్‌కి కింద ఏడు సెంటీమీటర్లు, పైకంటే కింద వెడల్పు. పైగా వెడ్జ్ కుడి చెప్పు వెనక, బయటి మూల అరిగిపోయి ఉంది. చాలామందికి మొదట అరిగేది అదే మూల. అది అరిగితే చెప్పు ఎప్పుడూ బయటికే ఒరిగి ఉంటుంది, సగం బెణుకు ముందే జరిగిపోయినట్టు. చెప్పుల్ని బల్ల మీద పెట్టి వెనక నుంచి కళ్ల ఎత్తులో చూస్తే తెలిసిపోతుంది. చెప్పులు కుట్టే ఆయన అరిగిన మూలకి రబ్బరు ముక్క అంటించి, మట్టంగా చెక్కి ఇచ్చాడు. ‘ఇంకాస్త ముందే తేవాల్సింది అమ్మా’ అన్నాడు.

పట్టీల విషయంలో నాకు రెండో మాట లేదు. మడమ వెనక పట్టీ గానీ, చీలమండ చుట్టూ బకిల్ గానీ లేని ఎత్తు చెప్పులు కొనను. వెనక ఖాళీగా ఉంటే పాదం ఒక వైపు, చెప్పు ఒక వైపు పోతాయి. మన ఊళ్లో దీనికో చిక్కు ఉంది: గుడికి వెళ్లిన ప్రతిసారీ వంగి బకిల్ తియ్యాలి. ఇంకో చిక్కు, చెప్పుల ఎత్తుకి సరిపెట్టిన కుచ్చిళ్లు చెప్పులు విప్పగానే నేలకి రాస్తాయి, గుడి మెట్ల మీద కాళ్ల కింద పడతాయి. గుడికి వెళ్లే రోజు చీర చదును చెప్పులతోనే కడతాను.

సోల్ గురించి ఒక్క మాట. ఈవీఏ అనే నురగ లాంటి సోల్ తేలిక, కానీ ఏడాదిలో మడమ కింద అణిగిపోతుంది. పీయూ, అంటే పాలీయురేథేన్ సోల్, బరువు, గట్టిగా నిలుస్తుంది. అయితే వాడకుండా అటక మీద పెడితే తేమకి లోపల్లోపలే పాడై, ఒకరోజు నడుస్తుండగా పెచ్చులుగా రాలిపోతుంది. పాతవి బయటికి తీస్తే వేసుకునే ముందు గోరుతో అంచు గీకి చూడండి.

ఇప్పుడు వెడ్జ్ పెళ్లిళ్లకే, అదీ మండపం గుమ్మం దాకా ఆటోలో వెళ్లేటప్పుడు. ప్లాట్‌ఫారమ్ రోజూ ఆఫీసుకి. ఈసారి కొత్తది కొంటే ముందు మూడు, వెనక ఐదు ఉన్నది వెతుకుతాను. ఎత్తు ఒక సెంటీమీటరు తగ్గుతుంది, ఆ రెండు సెంటీమీటర్ల తేడా మాత్రం అలాగే ఉంటుంది.